వాక్యంలో సంఖ్యలు: అంకెలా, అక్షరాలా?

ఒక సంఖ్య – రెండు రూపాలు

తెలుగులో ఏ సంఖ్యనైనా రెండు విధాలుగా రాయవచ్చు. దానిని ‘25’ అని అంకెలలో రాయవచ్చు, ‘ఇరవై ఐదు’ అని అక్షరాలలోనూ రాయవచ్చు. నోటితో పలికినప్పుడు ఈ రెండింటికీ భేదం లేదు. కాగితం మీద మాత్రం వీటి స్వభావాలు వేరు. అంకె చూపుకు సులభంగా అందుతుంది. పేజీలో ఎక్కడ ఉన్నా కంటికి కనబడుతుంది. పక్కన మరొక అంకె ఉంటే కూడడానికీ, పోల్చడానికీ అనువుగా ఉంటుంది. అక్షరాలలో రాసిన సంఖ్య అంత త్వరగా కంటికి కనబడదు కాని, చుట్టూ ఉన్న మాటలతో కలిసిపోయి వాక్యంలో ఒక పదంగా నడుస్తుంది. దానిని ఎలా పలకాలన్న సందేహం పాఠకుడికి కలగదు.

ప్రామిసరీ నోటు రాసేవారు ఈ రెండు రూపాలనూ పక్కపక్కనే వాడతారు. ‘రూ. 10,000, అక్షరాలా పదివేల రూపాయలు’ అని రాయడం తెలుగునాట పాతకాలం నుంచి ఉన్న అలవాటు. అంకె చివర ఒక సున్న చేర్చడం సులభం. ‘పదివేలు’ అన్న మాటను ‘లక్ష’గా దిద్దడం సులభం కాదు. చెక్కులలోను, ప్రామిసరీ నోట్లలోను అంకెలలో ఒక మొత్తం, అక్షరాలలో మరొక మొత్తం ఉన్నట్లయితే అక్షరాలలో ఉన్న మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 18వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

వ్యాసంలోను, లేఖలోను, నివేదికలోను ప్రతి సంఖ్యనూ ఇలా రెండుసార్లు రాయడం కుదరదు. రచయిత ఒక రూపాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపికలో పొరపాట్లు తరచుగా రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది వాక్యం ప్రారంభం. రెండవది పరిమాణాలను వరుసగా చెప్పే జాబితా. వాక్యాన్ని సంఖ్యతో మొదలుపెట్టవలసి వస్తే దానిని అక్షరాలలో రాయాలనేది మొదటి నియమం. ఒక జాబితాలోని సంఖ్యలన్నీ ఒకే రూపంలో ఉండాలనేది రెండవ నియమం. ఈ నియమాలు ఎందుకు ఏర్పడ్డాయో తెలిస్తే వాటిని పాటించడమూ తేలిక, ఎక్కడ సడలించవచ్చో గుర్తించడమూ తేలిక.

వాక్యం మొదట అంకె ఎందుకు ఇమడదు?

ఇంగ్లీషులో వాక్యం పెద్ద అక్షరంతో మొదలవుతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు. ఒక వాక్యం ముగిసి మరొకటి మొదలైందని చెప్పడానికి తెలుగులో ఉన్న గుర్తు బిందువు ఒక్కటే. ఆ బిందువుకు మరికొన్ని పనులు కూడా ఉన్నాయి. దశాంశ స్థానాన్ని చూపేది అదే. వరుస సంఖ్య తర్వాత వచ్చేదీ అదే. అందువల్ల బిందువు తర్వాత అంకె వచ్చినప్పుడు ఆ బిందువు ఏ పని చేస్తున్నదో పాఠకుడు ఊహించుకోవలసి వస్తుంది.

ఒక వసతిగృహానికి కావలసిన సరుకుల గురించి ఇలా రాశారనుకుందాం.

“కావలసిన బియ్యం బస్తాలు 2. 5 కిలోల కందిపప్పు కూడా పంపగలరు.”

రాసినవారి ఉద్దేశం రెండు బస్తాల బియ్యం, ఐదు కిలోల కందిపప్పు. బిందువు తర్వాత ఉన్న ఖాళీని బట్టి మాత్రమే ఆ సంగతి తెలుస్తుంది. చేతిరాతలో ఆ ఖాళీ స్పష్టంగా ఉండదు. అచ్చులో అక్షరాలు కూర్చేటప్పుడు అది జారిపోవచ్చు. అప్పుడు కనబడేది ‘2.5 కిలోల కందిపప్పు’. పప్పు సగానికి తగ్గింది. బియ్యం బస్తాలు ఎన్నో తెలియకుండా పోయింది. ఒకవేళ ‘2.’ దగ్గర పంక్తి ముగిసి, ‘5 కిలోల కందిపప్పు’ తర్వాతి పంక్తిలో మొదలైతే, ఆ ఐదును వరుస సంఖ్య అనుకునే అవకాశం ఉంది.

అదే వాక్యాన్ని “రెండు బస్తాల బియ్యం కావాలి. ఐదు కిలోల కందిపప్పు కూడా పంపగలరు” అని రాస్తే ఖాళీ జారిపోయినా అర్థం మారదు. బిందువు తర్వాత అక్షరం ఉన్నది కాబట్టి అది వాక్యం ముగింపు తప్ప మరొకటి కాజాలదు.

రెండవ కారణం తెలుగు సంఖ్యావాచకాల స్వభావంలోనే ఉంది. తెలుగులో ఒకే అంకెకు సందర్భాన్ని బట్టి ఉచ్చారణ మారుతుంది. వస్తువులను లెక్కపెట్టేటప్పుడు ‘మూడు’ అంటారు. మనుషులను లెక్కపెట్టేటప్పుడు ‘ముగ్గురు’ అంటారు. వరుసను తెలిపేటప్పుడు ‘మూడవ’ అంటారు. విభక్తి చేరినప్పుడు ‘మూడింటిలో’, ‘మూడింటికి’ అవుతుంది. అంకె ఈ భేదాలను చూపలేదు. ‘ఇద్దరు’, ‘ముగ్గురు’ అన్న మాటలను ‘2రు’ అనో, ‘3గురు’ అనో రాస్తే చదివేవారి నోట సహజమైన మాట పలకదు.

వాక్యం మధ్యలో అంకె వచ్చినప్పుడు ఈ ఇబ్బంది కొంత తక్కువ. అప్పటికే లెక్క మనుషులదో, వస్తువులదో ముందున్న మాటల వల్ల పాఠకుడికి తెలిసి ఉంటుంది. వాక్యం మొదట్లో అలాంటి ఆధారం లేదు. “3 రాలేదు” అని వాక్యం మొదలైతే రానివి మూడు పుస్తకాలా, మూడవ నంబరు బస్సా అన్నది తేలదు. పాఠకుడు ముందు ఒక విధంగా చదివి, పొరపాటు గ్రహించి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవాలి. ‘మూడు రాలేదు’, ‘మూడవది రాలేదు’ అన్న వాక్యాలలో ఆ చిక్కు లేదు.

విద్యార్థులకు బాగా పరిచయమైన మరొక ఉదాహరణ పరీక్షా పత్రంలో దొరుకుతుంది. “ఆరింటికి సమాధానాలు రాయండి” అంటే ఇచ్చిన ప్రశ్నలలో ఏవైనా ఆరు ప్రశ్నలకు రాయాలని అర్థం. దీనినే “6కి సమాధానాలు రాయండి” అని అచ్చువేస్తే, ఆరవ ప్రశ్నకు తప్పనిసరిగా రాయాలని కొందరికి తోచవచ్చు. ‘ఆరింటికి’ అన్న మాటలోని ‘ఇంటి’ అనే అంశమే ఇక్కడ అర్థాన్ని నిలబెడుతున్నది. అంకె ఆ అంశాన్ని మింగివేసింది.

వాక్యాన్ని సవరించే మార్గాలు

అంకెతో మొదలైన వాక్యాన్ని సవరించడానికి రెండు మార్గాలున్నాయి. సంఖ్య చిన్నదైతే దానిని అక్షరాలలో రాయడం మొదటి మార్గం. “12 గ్రామాలకు రోడ్డు సౌకర్యం లేదు” అన్న వాక్యాన్ని “పన్నెండు గ్రామాలకు రోడ్డు సౌకర్యం లేదు” అని మార్చితే చాలు.

సంఖ్య పెద్దదైనప్పుడు ఈ మార్గం అన్నివేళలా పనికిరాదు. 2001 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007. దానిని వాక్యం మొదట పెట్టి అక్షరాలలో రాస్తే “ఏడు కోట్ల అరవై రెండు లక్షల పదివేల ఏడుగురు” అవుతుంది. వాక్యం నియమబద్ధంగానే ఉంది కాని, పాఠకుడి మనసులో సంఖ్య నిలవదు. ఇటువంటి చోట రెండవ మార్గం అనుసరించాలి. సంఖ్యను వాక్యం లోపలికి జరపాలి. “ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2001లో 7,62,10,007” అని రాస్తే అంకె అంకెగానే ఉంటుంది, వాక్యం మాటతో మొదలవుతుంది.

తెలుగు వాక్యంలో పదాల స్థానాన్ని మార్చుకోవడానికి ఉన్న వెసులుబాటు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. సంవత్సరాల విషయంలో ఈ మార్గమే మేలైనది. “1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది” అన్న వాక్యంలో తేదీని అక్షరాలలో రాయవలసిన పని లేదు. “ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించింది” అని కర్తను ముందుకు తెస్తే సరిపోతుంది. అర్థంలో లోటు లేదు. తేదీకే ప్రాధాన్యం ఇవ్వాలనుకుంటే “ఆంధ్రప్రదేశ్ అవతరించినది 1956 నవంబరు 1న” అని తేదీని చివర నిలపవచ్చు.

సంఖ్యకు ముందు ఏదో ఒక మాట ఉండాలన్న తొందరలో ‘సుమారు’, ‘దాదాపు’ వంటి మాటలను చేర్చడం తగదు. “48 మంది హాజరయ్యారు” అన్నది ఖచ్చితమైన లెక్క. “సుమారు 48 మంది హాజరయ్యారు” అంటే లెక్క సందేహాస్పదమవుతుంది. అంకెను కప్పిపుచ్చడానికి చేర్చిన మాట అర్థాన్ని మార్చకూడదు. “సభకు 48 మంది హాజరయ్యారు” అన్నది సరైన సవరణ.

జాబితాలో ఒకే తీరు

పరిమాణాలను వరుసగా చెప్పేటప్పుడు పాఠకుడు తెలియకుండానే వాటిని పోల్చుకుంటాడు. ఏది ఎక్కువ, ఏది తక్కువ, మొత్తం ఎంత అన్న ప్రశ్నలు అతని మనసులో ఉంటాయి. సంఖ్యలన్నీ ఒకే రూపంలో ఉంటేనే ఈ పోలిక సులువుగా సాగుతుంది.

“పదిహేను కిలోల బియ్యం, 5 కిలోల పప్పు, రెండు లీటర్ల నూనె” అన్న జాబితాలో మధ్యనున్న అంకె ఒక్కటే ప్రస్ఫుటంగా కనబడుతుంది. పప్పు పరిమాణానికి ఏదో ప్రత్యేకత ఉన్నదని పాఠకుడు భావిస్తాడు. నిజానికి ఏ ప్రత్యేకతా లేదు. రచయిత ఏమరుపాటే అక్కడ ఉన్నది. రూపంలో తేడా కనబడితే అర్థంలోనూ తేడా ఉంటుందని చదివేవారు అనుకోవడం సహజం. కాబట్టి అర్థంలో తేడా లేనప్పుడు రూపంలో తేడా చూపకూడదు.

ఏ రూపం ఎంచుకోవాలన్నది జాబితాలోని సభ్యులను బట్టి నిర్ణయించాలి. అన్నీ చిన్న సంఖ్యలైతే అక్షరాలు శోభిస్తాయి: “రెండు కుర్చీలు, మూడు బల్లలు, ఒక బీరువా”. జాబితాలో ఒక్క పెద్ద సంఖ్య ఉన్నా, దశాంశం ఉన్నా అన్నింటినీ అంకెలలోనే రాయడం మంచిది. “వేరుశనగ 140 బస్తాలు, కందులు 35 బస్తాలు, పెసలు 8 బస్తాలు” అన్న వరుసలో ఎనిమిది చిన్నదే. విడిగా వస్తే దానిని అక్షరాలలో రాసేవారమే. కాని ఇక్కడ అది తన తోటి సంఖ్యలతో కలిసి నడవాలి. అంటే, జాబితాలో అన్నిటికంటే రాయడానికి కష్టమైన సంఖ్య ఏ రూపాన్ని కోరుతుందో, మిగిలినవన్నీ ఆ రూపాన్నే అనుసరించాలి.

ఈ నియమం ఒకే జాతికి చెందిన పరిమాణాలకే వర్తిస్తుంది. “మూడు గదులలో 145 మంది విద్యార్థులు పరీక్ష రాశారు” అన్న వాక్యంలో గదులు వేరు, విద్యార్థులు వేరు. ఈ రెండు సంఖ్యలనూ ఎవరూ పోల్చరు, కూడరు. ఒకటి అక్షరాలలో, ఒకటి అంకెలలో ఉన్నా దోషం లేదు. పైగా ఈ భేదం వల్ల రెండు లెక్కలూ కలిసిపోకుండా ఉంటాయి.

భిన్నాల దగ్గర మరికొంత జాగ్రత్త అవసరం. తెలుగులో అర, పావు, ముప్పావు, ఒకటిన్నర, రెండున్నర అనే అందమైన మాటలున్నాయి. సంభాషణలో అవి ఎంతో సహజంగా ఒదుగుతాయి. అయితే ఒకే జాబితాలో “చింతపండు అరకిలో, బెల్లం 1.25 కిలోలు, నెయ్యి 750 గ్రాములు” అని రాస్తే మూడు కొలతలు మూడు భాషలు మాట్లాడుతున్నట్లు ఉంటుంది. బెల్లం నెయ్యికంటే ఎంత ఎక్కువో చెప్పడానికి పాఠకుడు ముందుగా ప్రమాణాలను మార్చుకోవాలి. “చింతపండు 500 గ్రాములు, బెల్లం 1,250 గ్రాములు, నెయ్యి 750 గ్రాములు” అని రాస్తే ఆ శ్రమ ఉండదు. సంఖ్య రూపం ఒకటిగా ఉండడమే కాక, దాని వెనుక వచ్చే కొలత పేరు కూడా ఒకటిగా ఉన్నప్పుడే జాబితాకు పూర్తి పొందిక కలుగుతుంది.

కాలాన్ని తెలిపేటప్పుడు ‘1.30 గంటలు’ అని రాయడం వల్ల కూడా సందేహం కలుగుతుంది. అది గంటన్నర వ్యవధా, మధ్యాహ్నం ఒకటి ముప్పై నిమిషాల సమయమా, ఒకటి మీద మూడు దశాంశాలా అన్నది తేలదు. వ్యవధి అయితే ‘గంటన్నర’ అనో, ‘90 నిమిషాలు’ అనో రాయడం ఉత్తమం.

రెండు నియమాలు కలిసే చోటు

వాక్యమే జాబితాతో మొదలైనప్పుడు ఈ రెండు నియమాలూ ఒకేచోట కలుస్తాయి. అసలైన పరీక్ష అక్కడే ఎదురవుతుంది. ఈ వాక్యాన్ని గమనించండి.

“40 మంది బాలురు, 35 మంది బాలికలు పోటీలలో పాల్గొన్నారు.”

మొదటి నియమాన్ని మాత్రమే గుర్తుంచుకున్నవారు దీనిని “నలభై మంది బాలురు, 35 మంది బాలికలు పోటీలలో పాల్గొన్నారు” అని సవరిస్తారు. వాక్యం మొదలు బాగుపడింది కాని జాబితా చెడింది. ఒక దోషాన్ని తీసి మరొక దోషాన్ని తెచ్చినట్లయింది. సరైన సవరణలు రెండు. “నలభై మంది బాలురు, ముప్పై ఐదుగురు బాలికలు పోటీలలో పాల్గొన్నారు” అని మొత్తం అక్షరాలలో రాయవచ్చు. లేదా “పోటీలలో 40 మంది బాలురు, 35 మంది బాలికలు పాల్గొన్నారు” అని జాబితా మొత్తాన్నీ వాక్యం లోపలికి జరపవచ్చు.

సంఖ్యలు పెద్దవైన కొద్దీ రెండవ పద్ధతే శ్రేయస్కరం. “1,250 మంది పురుషులు, 1,310 మంది స్త్రీలు, 48 మంది పిల్లలు వైద్యపరీక్షలు చేయించుకున్నారు” అన్నదానిని “వైద్యపరీక్షలు చేయించుకున్నవారిలో పురుషులు 1,250 మంది, స్త్రీలు 1,310 మంది, పిల్లలు 48 మంది” అని మార్చాలి. ఇక్కడ ప్రతి సంఖ్యకూ ముందు దాని పేరు వచ్చింది. పేరు ముందు, లెక్క తర్వాత రావడం తెలుగులో సహజమైన పద్ధతే. ఇంటి పద్దులు రాసేవారూ, దుకాణంలో చీటీ రాసేవారూ ‘బియ్యం ఐదు కిలోలు, నూనె రెండు కిలోలు’ అనే వరుసలోనే రాస్తారు. ఈ క్రమాన్ని పాటిస్తే జాబితా ఎప్పుడూ అంకెతో మొదలు కాదు.

ఒక నివేదిక – సవరణ

ఒక కళాశాల జాతీయ సేవాపథకం విద్యార్థులు గ్రామంలో నిర్వహించిన శిబిరం గురించి రాసిన నివేదిక ముసాయిదా ఇలా ఉన్నదనుకుందాం.

“50 మంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు శిబిరంలో పాల్గొన్నారు. 7 రోజులపాటు శిబిరం జరిగింది. గ్రామంలోని ఇళ్ళు 240. 3 వీధులలోని మురుగు కాలువలను విద్యార్థులు శుభ్రం చేశారు. నూట ఇరవై వేప మొక్కలు, 60 కానుగ మొక్కలు, పాతిక చింత మొక్కలు నాటారు. వంటకు నూట ఎనభై రెండు కిలోల బియ్యం, 27.5 కిలోల కందిపప్పు, పద్నాలుగున్నర లీటర్ల నూనె ఖర్చయ్యాయి.”

ఈ ముసాయిదాను రెండుసార్లు పరిశీలించాలి. మొదటిసారి ప్రతి బిందువు తర్వాత ఏమున్నదో మాత్రమే చూడాలి. మొదటి వాక్యం, రెండవ వాక్యం అంకెలతో మొదలయ్యాయి. మూడవ వాక్యం అంకెతో ముగిసి, నాలుగవ వాక్యం అంకెతో మొదలైంది. అక్కడ ‘240.3’ అని చదివే ప్రమాదం ఉంది. వీధుల లెక్క మాయమై, ఇళ్ళ లెక్కకు దశాంశం చేరుతుంది. రెండవసారి కామాలతో విడివడిన జాబితాలను మాత్రమే చూడాలి. మనుషుల జాబితాలో ఒకటి అంకెలలో, ఒకటి అక్షరాలలో ఉంది. మొక్కల జాబితాలో మూడు రూపాలున్నాయి. సరుకుల జాబితాలో దశాంశమూ, ‘పద్నాలుగున్నర’ అనే మాటా పక్కపక్కన ఉన్నాయి.

సవరించిన నివేదిక ఇలా ఉంటుంది.

“శిబిరం ఏడు రోజులపాటు జరిగింది. అందులో యాభై మంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు పాల్గొన్నారు. గ్రామంలో 240 ఇళ్ళున్నాయి. మూడు వీధులలోని మురుగు కాలువలను విద్యార్థులు శుభ్రం చేశారు. వేప మొక్కలు 120, కానుగ మొక్కలు 60, చింత మొక్కలు 25, మొత్తం 205 మొక్కలు నాటారు. వంటకు బియ్యం 182 కిలోలు, కందిపప్పు 27.5 కిలోలు, నూనె 14.5 లీటర్లు ఖర్చయ్యాయి.”

ఇందులో మనుషుల సంఖ్యలను అక్షరాలలో రాయడానికి కారణం ‘ఇద్దరు’ అన్న మాట. దానిని అంకెగా మార్చితే వాక్యం కృత్రిమమవుతుంది. అందువల్ల దాని తోటి సంఖ్య కూడా అక్షరాలలోకి వచ్చింది. మొక్కల జాబితా అంకెలలోకి రావడంతో మొత్తం సరిగ్గా ఉన్నదో లేదో పాఠకుడే కూడి చూసుకోవచ్చు. సరుకుల లెక్కను కూడా అలాగే పరీక్షించవచ్చు. యాభై ఇద్దరికి ఏడు రోజులపాటు మనిషికి రోజుకు అరకిలో చొప్పున బియ్యం లెక్కకడితే సరిగ్గా 182 కిలోలు అవుతుంది. ముసాయిదాలోనూ ఈ వివరాలన్నీ ఉన్నాయి. కాని అక్కడ లెక్క సరిచూడడానికి సంఖ్యలను ముందు వెదికి పట్టుకోవాలి. శిబిరం ఖర్చును పరిశీలించి ఆమోదించవలసినవారికి ఈ రెండు ముసాయిదాల మధ్య భేదం వెంటనే తెలుస్తుంది.

నియమాలకు హద్దులు

ఈ నియమాలు వచన రచనకు సంబంధించినవి. పట్టికలలోని గడులకు, గణిత సూత్రాలకు, వరుస సంఖ్యలు వేసిన శీర్షికలకు ఇవి వర్తించవు. వార్తాపత్రికల శీర్షికలు తరచుగా అంకెలతో మొదలవుతాయి. అక్కడ స్థలం తక్కువ, పైగా శీర్షికకు ముందు మరొక వాక్యం ఉండదు కాబట్టి బిందువు వల్ల కలిగే సందేహానికి తావు లేదు. అదే పద్ధతిని వార్త లోపలి వాక్యాలకు తీసుకువెళ్ళినప్పుడే చిక్కు వస్తుంది.

కొన్ని అంకెలు లెక్కను తెలపవు, పేరుగా నిలుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ప్రారంభమైన 108 అత్యవసర సేవ ఇందుకు ఉదాహరణ. వాహనం మీద ఉన్నదీ, ఫోనులో నొక్కవలసినదీ ఆ అంకెలే కాబట్టి దానిని అక్షరాలలోకి మార్చకూడదు. వాక్యం దానితో మొదలుపెట్టవలసి వస్తే ముందు ఒక మాట చేర్చి “అత్యవసర వాహనం 108 పది నిమిషాలలో చేరుకుంది” అని రాయాలి. ఇక్కడ 108 పేరు, పది పరిమాణం. అవి ఒకే జాతివి కావు కాబట్టి రూపభేదం ఉండవచ్చు.

ఇందుకు భిన్నంగా, కొన్ని సంఖ్యావాచకాలు చూడడానికి లెక్కలా ఉన్నా లెక్కను తెలపవు. ‘నలుగురిలో మంచి పేరు’, ‘పదిమందికీ తెలిసిన సంగతి’, ‘నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళాడు’ అన్న ప్రయోగాలలో నలుగురు అంటే సమాజం, నాలుగు మాటలు అంటే కొద్దిపాటి మాటలు. వీటిని వాక్యంలో ఏ స్థానంలోనైనా అక్షరాలలోనే రాయాలి. “10 మందికీ తెలిసిన సంగతి” అని రాస్తే, ఆ పదిమంది ఎవరెవరని పాఠకుడు అడుగుతాడు.

అభ్యాసం

క్రింది వాక్యాలలోని దోషాలను గుర్తించి, సవరించి రాయండి. ప్రతి సవరణకూ కారణం ఒక వాక్యంలో తెలపండి.

అ) గ్రంథాలయంలోని బీరువాలు 6. 4 బల్లలు కొత్తగా కొన్నారు.

ఆ) పన్నెండు నవలలు, 30 కథల సంపుటాలు, ఏడు నిఘంటువులు గ్రంథాలయానికి చేరాయి.

ఇ) 1947 ఆగస్టు 15న భారతదేశం స్వాతంత్ర్యం పొందింది.

ఈ) 3గురు అధ్యాపకులు, అరవై మంది విద్యార్థులు విహారయాత్రకు వెళ్ళారు.

ఉ) తన తప్పును 4గురిలో ఒప్పుకోవడానికి అతడు వెనుకాడలేదు.

ఊ) 2 కిలోల చక్కెర, అరకిలో నెయ్యి, 250 గ్రాముల జీడిపప్పు తెప్పించారు.